మీకు తెలియదని నాకు ముందే తెలుసు

ఈ పజిల్ మొదటిసారి చదివినప్పుడు అచ్చులో ఏదో లైను ఎగిరిపోయిందనుకున్నాను. ఇచ్చిన సమాచారం అంత తక్కువ. ఒకటి కన్నా పెద్దవైన రెండు వేర్వేరు పూర్ణసంఖ్యలున్నాయి. రెండూ కలిపితే 100 దాటవు. ఒకాయనకు వాటి మొత్తం మాత్రం చెప్పారు. ఇంకొకాయనకు వాటి లబ్ధం మాత్రం చెప్పారు. మొదటాయన్ని మొత్తమయ్య అని, రెండో ఆయన్ని లబ్ధమయ్య అని పిలుచుకుందాం. వాళ్లిద్దరి మధ్య జరిగిన సంభాషణ ఇంతే:

లబ్ధమయ్య: ఆ సంఖ్యలేవో నాకు తెలియడం లేదండీ.
మొత్తమయ్య: మీకు తెలియదని నాకు ముందే తెలుసు.
లబ్ధమయ్య: అయితే ఇప్పుడు నాకు తెలిసిపోయింది.
మొత్తమయ్య: అలాగైతే నాకూ తెలిసిపోయింది.

ఆ సంఖ్యలేవి? నెదర్లాండ్స్‌లో పనిచేసిన గణితవేత్త హాన్స్ ఫ్రాయిడెంతాల్ 1969లో ఒక డచ్ గణిత పత్రికలో ఈ ప్రశ్న వేశారు. నాలుగు మాటల్లో ఒక్క అంకె కూడా లేదు, అయినా జవాబు ఒక్కటే.

"తెలియదు" అనడం కూడా ఒక కబురే. లబ్ధం 15 అయితే లబ్ధమయ్య నోరు తెరవగానే 3, 5 అని చెప్పేసేవాడు. లబ్ధం 12 అయితే 2, 6 కావచ్చు, 3, 4 కావచ్చు. తెలియదన్నాడంటే లబ్ధాన్ని కనీసం రెండు రకాలుగా విడగొట్టవచ్చన్నమాట. అయితే ఈ మొదటి మాటతో ఒరిగేది తక్కువ. అసలు పట్టు రెండో మాటలో ఉంది, అందులోనూ "ముందే" అన్న చిన్న పదంలో ఉంది. దాన్ని చూసీచూడనట్టు వదిలేసినవాళ్లు ఎంత లెక్క వేసినా జవాబు దగ్గరికి రాలేరు.

మొత్తమయ్య చేతిలో ఉన్నది ఒక్క మొత్తమే. దాన్ని రెండు సంఖ్యలుగా ఎన్నో రకాలుగా విడదీయవచ్చు. వాటిలో ఏ జత నిజమైనా సరే, లబ్ధమయ్యకు వెంటనే తెలిసే అవకాశం లేదని ఆయనకు గట్టి నమ్మకం ఉండాలి. ఒక్క జతలో అనుమానం ఉన్నా ఆ మాట అనలేడు. ఉదాహరణకు మొత్తం 28 అనుకుందాం. అది 5, 23 కావచ్చు. రెండూ ప్రధాన సంఖ్యలే కాబట్టి లబ్ధం 115ని చూడగానే లబ్ధమయ్యకు తెలిసిపోయేది. అంచేత మొత్తం 28 కాదు.

ఈ జల్లెడ గట్టిదే. 8 నుంచి 54 దాకా ప్రతి సరి సంఖ్యనూ రెండు వేర్వేరు ప్రధాన సంఖ్యల మొత్తంగా రాయవచ్చు కాబట్టి అవన్నీ పోతాయి. 6 అంటే 2, 4 మాత్రమే. లబ్ధం 8 ఇంకో రకంగా విడిపోదు, కాబట్టి అదీ పోతుంది. బేసి మొత్తంలోంచి 2 తీసేస్తే ప్రధాన సంఖ్య మిగిలితే ఆ మొత్తమూ పోతుంది. 55, ఆపైన ఉన్నవాటిని 53 అనే ప్రధాన సంఖ్య ఒక్కటే ఊడ్చేస్తుంది. ఒక సంఖ్య 53 అయితే లబ్ధాన్ని ఇంకో రకంగా విడగొట్టాలంటే 106 గానీ అంతకన్నా పెద్దది గానీ రావాలి, అది 100 హద్దు దాటిపోతుంది. 51 కాస్త మొండిది. దాన్ని 17, 34గా విడదీస్తే లబ్ధం 578. దాన్ని 2, 289గా రాయవచ్చు గానీ మొత్తం 291 అవుతుంది. అదీ కుదరదు. కాబట్టి 51 కూడా పోయింది. చివరికి మిగిలేవి పదే: 11, 17, 23, 27, 29, 35, 37, 41, 47, 53.

ఈ పట్టిక లబ్ధమయ్య కూడా తయారు చేసుకోగలడు. ఇప్పుడాయన తన లబ్ధాన్ని విడగొట్టి చూసుకుంటే, ఒకే ఒక్క జత మొత్తం ఈ పదింటిలో పడింది. అందుకే "ఇప్పుడు తెలిసింది" అన్నాడు. ఆ మాట విన్న మొత్తమయ్య తన మొత్తంలోని జతలన్నీ వేసి చూశాడు. వాటిలో ఒకే ఒక్క జత లబ్ధమయ్య చేత ఆ మాట అనిపించగలదు. లేకపోతే "నాకూ తెలిసింది" అనలేడు.

పట్టికలో అన్నీ బేసి సంఖ్యలే కావడం ఇక్కడ కలిసొస్తుంది. జతలో ఒకటి 4, 8, 16 లాంటి రెండు ఘాతం, ఇంకొకటి బేసి ప్రధాన సంఖ్య అయితే, ఆ లబ్ధాన్ని ఇంకెలా విడగొట్టినా రెండూ సరి సంఖ్యలే వస్తాయి. వాటి మొత్తం సరి, పట్టికలో ఉండదు. అంటే అలాంటి జత ఉంటే లబ్ధమయ్యకు తెలిసి తీరుతుంది. 23లో 4, 19 ఉన్నాయి, 16, 7 కూడా ఉన్నాయి. రెండు దారులుంటే మొత్తమయ్య తేల్చుకోలేడు. 11, 27, 35, 37, 47 ఇదే లెక్కన కొట్టుకుపోతాయి. (11కి 8, 3 ఒక జత. రెండోది 4, 7.) 29, 41, 53లలోనూ కాస్త వెతికితే రెండేసి జతలు దొరుకుతాయి.

మిగిలింది 17. దాని జతలన్నీ వరసగా చూద్దాం. 2, 15 అయితే లబ్ధం 30. అది 5, 6 కూడా కావచ్చు, మొత్తం 11, పట్టికలో ఉంది. 3, 14 అయితే 42. అది 2, 21 కావచ్చు, 23 ఉంది. 5, 12 అయితే 60. 3, 20తో మళ్లీ 23. 6, 11 అయితే 66. 2, 33తో 35. 7, 10 అయితే 70. 2, 35తో 37. 8, 9 అయితే 72. 3, 24తో 27. వీటిలో ఏది నిజమైనా లబ్ధమయ్య ఇంకా రెండు దారుల మధ్యే నిలబడి ఉండేవాడు. 4, 13 ఒక్కటే వేరు. లబ్ధం 52. ఇంకో దారి 2, 26, మొత్తం 28. అది ఇందాకే పోయింది. జవాబు 4, 13.

చాలామంది 100 అన్న హద్దును అలంకారం అనుకుంటారు. మార్టిన్ గార్డ్‌నర్ అంతటివాడు కూడా ఇక్కడ జారారు. 1979 డిసెంబర్‌లో 'సైంటిఫిక్ అమెరికన్' శీర్షికలో దీన్ని "అసాధ్యమైన పజిల్" అని పరిచయం చేస్తూ, పాఠకులకు సులువవుతుందని ఏ సంఖ్యా 20 దాటకూడదన్నారు. జవాబు మాత్రం 4, 13 అనే ఇచ్చారు. 20 హద్దయితే 26కి చోటు లేదు. 52 అంటే 4, 13 తప్ప ఇంకేమీ కాలేదు. లబ్ధమయ్య మొదటి మాటే అబద్ధమైపోతుంది!

మొత్తం హద్దును 100 నుంచి 60కి దించినా ఇలాంటి చిక్కే, కాకపోతే మరింత చాటుగా వస్తుంది. 17 అరవైకి చాలా లోపలే ఉంది కదా, ఏమవుతుందిలే అనిపిస్తుంది. కానీ 4, 31ల లబ్ధం 124. దానికున్న రెండో దారి 2, 62, మొత్తం 64. హద్దు 60 అయితే ఆ దారి మూసుకుపోయి, 124 చూడగానే లబ్ధమయ్యకు తెలిసిపోతుంది. దాంతో 35 పట్టికలోంచి పోతుంది. 35 పోతే, ఇందాక 66ను తికమక పెట్టిన 2, 33 కూడా పోతుంది. ఇక 6, 11 కూడా లబ్ధమయ్యకు తెలిసే జతే. 17 చేతిలో పెట్టుకున్న మొత్తమయ్య 4, 13కీ 6, 11కీ మధ్య ఇరుక్కుపోయి నాలుగో మాట అనలేడు. హద్దును పైకి జరిపితే చాలాదూరం ఏమీ కాదు. 1685కి చేరేసరికి 4, 61 అనే రెండో జవాబు పుట్టుకొస్తుంది.