బూంది బరువు

అమ్ములూ, చింటూ,

నిన్న రాత్రి ఫోన్లో "పాలు పట్టొద్దు" అని నేను అరిచినంత పని చేశాను. ఆకలితో ఉన్న పిల్లికూన బూందికి పాలు వద్దనే తాతేంటని చింటూ అలిగాడట. కంగారులో కారణం చెప్పలేకపోయాను, ఇప్పుడు రాస్తున్నాను.

ముందు మీ నోటుబుక్కు సంగతి. వంటింటి త్రాసులో గిన్నె పెట్టి, రోజూ పొద్దున్నే నాలుగు కూనల్నీ తూచి రాశారు చూడండి, బూందిని పట్టిచ్చింది ఆ లెక్కే. సున్నుండ 104 గ్రాములతో పుట్టి 115, 127, 140 అయింది. పిల్లికూన మొదటి వారాల్లో రోజుకు పది నుంచి పదిహేను గ్రాములు పెరగాలి, రెండు వారాలకు పుట్టిన బరువుకు రెట్టింపు కావాలి. బూంది 98తో పుట్టి 106 అయింది, మూడోరోజు 107, నాలుగోరోజు 103. అంటే మూడోరోజే ఆగిపోయింది. ఆ రోజు చూస్తే మీకు మామూలుగానే కనిపించి ఉంటుంది. కంటికి తెలిసేసరికి ఆలస్యమవుతుంది, త్రాసు ఒక రోజు ముందే చెబుతుంది. కుక్కపిల్లలైతే మొదటిరోజు కాస్త తగ్గినా పర్లేదు గానీ, పిల్లికూనలైనా కుక్కపిల్లలైనా ఆ తర్వాత ఒక్కరోజు పెరగకపోయినా ఊరుకోకూడదు.

నాలుగోరోజు సాయంత్రం మిగతా మూడూ తల్లి పొట్ట దగ్గర ముద్దగా పడుకుంటే, బూంది ఒక్కతే అట్టపెట్టె మూలన సన్నగా ఆగకుండా ఏడుస్తోందన్నారు. తల్లి దాన్ని పక్కకు నెట్టిందని అమ్ములు బాధపడింది. పిల్లి చెడ్డది కాదమ్మా, చల్లబడిన కూనను తల్లులు చాలాసార్లు దగ్గరకు రానివ్వవు. ఇక్కడే చక్రం మొదలవుతుంది. పుట్టిన మొదటి వారం కూనలకు వణకడం రాదు, ఒంట్లో కొవ్వూ పెద్దగా ఉండదు, అందుకే తల్లి పక్క తప్పితే గంటల్లో చల్లబడతాయి. చల్లబడ్డది పాలు చీకలేదు. పాలు లేకపోతే రక్తంలో చక్కెర పడిపోతుంది, నీరూ తగ్గిపోతుంది. అప్పుడు ఇంకా చల్లబడుతుంది.

ఇక పాలెందుకు వద్దన్నానంటే, ఒళ్ళు 94 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే దిగితే పేగులు కదలడం మానేస్తాయి. పోసిన పాలు కడుపులోనే నిలిచి పులుస్తాయి, లేదా పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నేను పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేరిన కొత్తలో ఒక కుక్కపిల్ల విషయంలో ఆ తప్పు చేశాను. వేలు నోట్లో పెడితే చల్లగా తగిలింది, అయినా జాలిపడి సిరంజితో పాలు పట్టాను. కాసేపటికి ముక్కులోంచి పాలు వచ్చాయి. ఆ పిల్ల దక్కలేదు.

అందుకే ముందు వేడి. మీ అమ్మ వేడినీళ్ళ సీసాకు తువ్వాలు చుట్టి పక్కన పెట్టి, గంటన్నరపాటు బూందిని అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది చూశారా, అంత నిదానంగానే చేయాలి. ఒక్కసారిగా కాచినా ప్రమాదమే. మధ్యలో వేలికొసతో చక్కెరనీళ్ళు చిగుళ్ళకు రాయమన్నాను, నోట్లో పొయ్యమనలేదు. ఒళ్ళు తేలిపోయినట్టున్న కూనకు ఆ తడి చాలు, డాక్టరు దగ్గరికి చేరేదాకా. పెట్టెలో కూడా ఒక సగమే వెచ్చగా ఉంచండి. వేడెక్కితే పాకి చల్లటి వైపు పోవడానికి దానికి చోటుండాలి.

ఒంట్లో నీరు తగ్గిందేమో చూడటానికి పెద్ద కుక్కల్లోలా చర్మం లాగి చూస్తే ఈ వయసులో సరిగా తెలియదు. చిగుళ్ళు తడిగా జారుతున్నాయా, వేలికి అంటుకుంటున్నాయా చూడండి. ఇంకోటి ఉచ్చ. గోరువెచ్చటి నీళ్ళలో తడిపిన దూదితో కింద మెల్లగా రుద్దితే పోస్తుంది, తల్లి నాకినప్పుడు పోసినట్టే. నీళ్ళలా ఉండాలి. బూందిది నిన్న చిక్కటి పసుపుపచ్చ.

ఇప్పుడు వేలు పెడితే నోరు వెచ్చగా ఉందన్నారు, చీకుతోందన్నారు. ఇంక పాలు పట్టొచ్చు. ఆవుపాలు కాదు, అవి కూనలకు మరీ పల్చన. డాక్టరుగారిచ్చిన పిల్లికూనల పాలపొడే కలపండి. చంటిపాపలా వెల్లకిలా పడుకోబెట్టి పట్టకండి, బోర్లా ఉంచి తల కొంచెం ఎత్తండి.

ఒకటి దాచను. పుట్టుకతో లోపం ఉన్నా, లోపల జబ్బు ఉన్నా, ఇవన్నీ సరిగ్గా చేసినా కొన్ని కూనలు పోతాయి. వేడి పట్టించాక కూడా చీకకపోతే తెల్లారేదాకా ఆగొద్దు, ఏ వేళైనా డాక్టరుగారికి ఫోన్ చెయ్యమని నాన్నకు చెప్పండి.

ఈ పొద్దున్న బూంది 108 అని చింటూ గంతులేస్తున్నాడట. కానీ డాక్టరుగారు చర్మం కింద 4 మిల్లీలీటర్ల సెలైన్ ఎక్కించాక తూచారు కదా, అందులో నాలుగు గ్రాములు ఆ నీళ్ళవే. దాని సొంత బరువు 104 అనే రాసుకోండి. రేపు పొద్దున, పాలు పట్టకముందు, అదే గిన్నెలో తూచి ఆ అంకె నాకు చెప్పండి.

మీ తాతయ్య