ఆ మాటకీ, ఆ నిష్క్రమణకీ మధ్య నాలుగు రోజులు

1969 జనవరిలో జార్జ్ హారిసన్ బీటిల్స్‌ని వదిలి ఎందుకు వెళ్లిపోయాడని ఆ బ్యాండు అభిమానుల్ని అడగండి. చాలామంది ఒకే దృశ్యం చెబుతారు. గిటార్ ఎలా వాయించాలో తోటి సభ్యుడు పాల్ మెకార్ట్‌నీ చెప్పబోతాడు. జార్జ్ విసిగిపోయి, ‘నువ్వు ఎలా వాయించమంటే అలా వాయిస్తా, వద్దంటే అసలు వాయించను’ అంటాడు. 1970 మేలో వచ్చిన ‘లెట్ ఇట్ బీ’ సినిమాలో ఈ సంభాషణ ఉంది. ఎవరూ కల్పించింది కాదు.

కానీ ఆ మాటలు జనవరి 6వ తేదీవి. జార్జ్ వెళ్లిపోయింది 10న. మధ్యలో అతను మామూలుగానే రిహార్సల్స్‌కి వచ్చాడు. 8న ‘ఐ మి మైన్’ అనే కొత్త పాట తెచ్చి మిగతావాళ్లకి వినిపించాడు. పైగా జార్జ్ వెళ్లిపోయిన సంగతే ఆ సినిమాలో లేదు. అతను వెళ్లాడని జనానికి వేరేచోట తెలిసింది, తెరమీద ఒక గొడవ కనిపించింది. రెండిటినీ కలిపి కారణం తయారుచేసుకున్నారు. అందుకే బ్యాండు కథ ఏది చదివినా నేను ముందు వెతికేది తేదీ. పక్కపక్కన పెట్టిన రెండు సంఘటనల మధ్య ఎంత కాలం గడిచిందో, ఆ కాలంలో ఇంకేం జరిగిందో చూస్తే సగం పురాణాలు అక్కడే వీగిపోతాయి.

అక్కడున్నవాళ్లే చెబుతున్నారు కదా, నమ్మొద్దా? వాళ్లు అబద్ధం చెప్పక్కర్లేదు, జ్ఞాపకమే చాలు. 1981లో మనస్తత్వ శాస్త్రవేత్త ఉల్రిక్ నైసర్ ఒక అరుదైన పోలిక చేశాడు. వాటర్‌గేట్ విచారణలో నిక్సన్ సలహాదారు జాన్ డీన్ ఇచ్చిన వాంగ్మూలాన్ని తీసుకుని, అవే సమావేశాలను శ్వేతసౌధం రహస్యంగా రికార్డు చేసిన టేపులతో పోల్చాడు. నేరాన్ని కప్పిపుచ్చుతున్నారన్న అసలు విషయం డీన్ సరిగ్గానే చెప్పాడు. ఎవరు ఏ మాట ఎప్పుడు అన్నారన్నది మాత్రం చాలాచోట్ల తప్పింది. ఆ తప్పుల్లో అతని పాత్ర ఉన్నదానికంటే పెద్దదిగా కనిపించింది. రాక్ ఆత్మకథలకి ఈ కొలత బాగా సరిపోతుంది. ఆ రోజుల్లో ఊపిరాడలేదని ఒకరు రాస్తే నమ్మొచ్చు. ముప్పై ఏళ్ల తర్వాత రాస్తూ కొటేషన్ మార్కుల మధ్య పెట్టిన సంభాషణని మాత్రం ఆ క్షణపు రికార్డుగా తీసుకోకూడదు.

ఇక ఒకే కథ మళ్లీ మళ్లీ ఎందుకు వస్తుంది? 1977లో హాషర్, గోల్డ్‌స్టైన్, టోపినో చేసిన ప్రయోగంలో, కొన్ని వారాల వ్యవధిలో మళ్లీ ఎదురైన వాక్యాలు నిజమై ఉంటాయని జనం ఎక్కువగా అనుకున్నారు. బ్యాండు సభ్యులకీ ఇది వర్తిస్తుంది. వాళ్లూ తమ గురించి వచ్చిన సినిమాలు చూస్తారు, పుస్తకాలు చదువుతారు, అవే ప్రశ్నలకి వందసార్లు జవాబిస్తారు. ఆ జవాబు తర్వాతి పుస్తకానికి ఆధారమవుతుంది. పది పుస్తకాల్లో ఉందంటే పదిమంది సాక్షులున్నారని కాదు, అన్నిటి వెనకా ఒకే ఇంటర్వ్యూ ఉండొచ్చు.

అదృష్టవశాత్తూ ఆ జనవరికి మనకి సుమారు 60 గంటల ఫిల్మూ, 150 గంటల శబ్దమూ మిగిలాయి. వాటితో పీటర్ జాక్సన్ 2021లో దాదాపు ఎనిమిది గంటల ‘గెట్ బ్యాక్’ తీశాడు. నవ్వులూ ఆటలూ పుష్కలంగా కనిపించి, ఆ నెలంతా నరకమే అన్న కథ సడలింది. అయినా ఇదీ ఎడిటింగే. ఆ లెక్కలే చూడండి: సగం పైగా శబ్దానికి బొమ్మ లేదు. అలాంటి మాట వినిపిస్తున్నప్పుడు ఎడిటర్ తెరమీద ఏదో ఒకటి చూపించాలి కదా! కాబట్టి మాట్లాడేవాళ్ల పెదాలు కనిపిస్తున్నాయా అని గమనించండి. వీపో, వింటున్నవాళ్ల ముఖమో కనిపిస్తే ఆ బొమ్మ వేరే సమయానిది కావచ్చు. మాట నిజమే అయినా, దానికి వచ్చినట్టు కనిపించే ముఖకవళిక అప్పటిది కాకపోవచ్చు.

బ్యాండు సభ్యుడు జాన్ లెనన్ సహచరి యోకో ఓనో వల్లే బ్యాండు విడిపోయిందన్న కథకీ ఇదే పరీక్ష పెట్టొచ్చు. యాంప్లిఫయర్ మీద యోకో కూర్చుందని బీటిల్స్ విడిపోయారని యాభై ఏళ్ల తర్వాత చెప్పుకుంటే ఎంత హాస్యాస్పదంగా ఉంటుందో అని పాల్ 1969 జనవరి 13నే అన్నాడు. అది టేపులో ఉంది. 1967లో మేనేజర్ బ్రయాన్ ఎప్‌స్టైన్ చనిపోయాక వ్యాపారం ఎవరి చేతుల్లో పెట్టాలన్న తగాదా 1970 డిసెంబర్ 31న పాల్ వేసిన కోర్టు దావా దాకా నడిచింది. ఆ తగాదాకి కాగితాలున్నాయి, కానీ కాగితాలు తెరమీద రక్తి కట్టవు.

టేపుకీ హద్దుంది. జార్జ్‌ని వెనక్కి రప్పించడానికి జనవరి 12న డ్రమ్మర్ రింగో స్టార్ ఇంట్లో నలుగురూ కలిశారు. సమావేశం బెడిసికొట్టింది. అక్కడ కెమెరా లేదు, మైకు లేదు. మర్నాడు స్టూడియోలో దాని గురించి చెప్పుకున్న మాటలు మాత్రం రికార్డయ్యాయి, అవి చెబుతున్నప్పుడు జార్జ్ అక్కడ లేడు. ఆ సాయంత్రం గురించి సంభాషణతో సహా రాసిన పేజీ ఎక్కడైనా కనిపిస్తే, రచయిత దాన్ని ఎవరి నోట, ఏ సంవత్సరంలో విన్నాడో అడగండి.