తప్పు కళ్లెదుటే జరిగితే విచారణ ఎందుకు? విద్యార్థి సంఘాల నియమావళి: అపోహలు, వాస్తవాలు

బెంగళూరు కాలేజీల్లో తెలుగు సంఘాలకు ప్రవర్తనా నియమావళి రాసుకోవడంలో సాయం చేస్తుంటాను. ఉగాది కార్యక్రమాలయ్యాక ఫోన్లు ఎక్కువవుతాయి. "మేడమ్, అందరి ముందే బూతులు తిట్టాడు. ఇంకా వాణ్ని అడిగేదేముంది, తీసేస్తే సరిపోదా?" అన్నదే ప్రతిసారీ ప్రశ్న.

అపోహ: తప్పు అందరూ చూశాక విచారణ అక్కర్లేదు.

ఇది నమ్మి ఎక్కువగా నష్టపోయేది ఫిర్యాదు చేసినవాళ్లే. ఒక సంఘంలో రిహార్సల్ రోజున మూడో ఏడాది కుర్రాడు మొదటి ఏడాది అబ్బాయి చేతిలోంచి మైకు లాక్కుని బూతు మాటన్నాడు. కమిటీ ఐదుగురూ ఆ రాత్రే వాట్సాప్‌లో మాట్లాడుకుని అతని సభ్యత్వం రద్దు చేశారు. మర్నాడు అతను ఫ్యాకల్టీ అడ్వైజర్ దగ్గరికెళ్లి రెండే మాటలు చెప్పాడు: తనను ఎవరూ అడగలేదు, ఆ ఐదుగురిలో ఒకరు ఫిర్యాదుదారుడి రూమ్‌మేట్. కమిటీ నిర్ణయాన్ని ఆయన కొట్టేయక తప్పలేదు. తిట్లు తిన్న పిల్లాడు మళ్లీ సంఘం గడప తొక్కలేదు.

తర్వాత ఆ కమిటీతో కూర్చుని కొత్త నియమం రాశాం. గొడవైన రోజే ఇద్దరినీ వేరు చేయొచ్చు, కానీ అది శిక్ష కాదని కాగితం మీద ఉండాలి, పది రోజులు దాటకూడదు. రెండు రోజుల్లో నోటీసు ఇవ్వాలి. అందులో "అనుచిత ప్రవర్తన" అని రాస్తే చాలదు. ఏ రోజు, ఎక్కడ, ఏమన్నాడు, ఏ నిబంధన కింద అన్నది ఉంటేనే అతను జవాబివ్వగలడు. జవాబుకు ఐదు రోజులు. వినే ముగ్గురికీ ఆ ఇద్దరితో ఏ సంబంధమూ ఉండకూడదు. ఎవరి మాట ఎందుకు నమ్మారో నిర్ణయంలో రాయాలి. అప్పీలు అడ్వైజర్‌కు వెళ్తుంది కాబట్టి మొదటి విచారణలో ఆయన కూర్చోకూడదు. చాలామంది ఇక్కడే పొరబడతారు.

ఆ కేసునే ఈ పద్ధతిలో మళ్లీ విన్నారు. బూతు మాటన్నది నిజమేనని అతనే రాసిచ్చాడు. ఒక సెమిస్టర్ బాధ్యతల నుంచి తప్పించారు. అప్పీలు రాలేదు.

అపోహ: గోప్యమంటే ఎదుటివాడికి ఏమీ చెప్పకూడదు.

గోప్యత బయటివాళ్ల నుంచి. ఆరోపణ తెలియకుండా అతను జవాబివ్వలేడు. పేరు తెలిస్తే పగబడతాడని భయపడేవాళ్లను నేను తప్పుపట్టను, ఆ భయం నిజమైనదే. అందుకే విచారణ జరిగినన్నాళ్లూ ఫిర్యాదుదారుతో మాట్లాడకూడదనీ, బెదిరిస్తే అది విడిగా మరో తప్పనీ నోటీసులోనే రాయండి.

అపోహ: ఏదైనా మన సంఘంలోనే సర్దుకోవచ్చు.

లైంగిక వేధింపులు మీ పరిధి కాదు. యూజీసీ 2015 నిబంధనల ప్రకారం అవి కాలేజీ అంతర్గత ఫిర్యాదుల కమిటీకి వెళ్లాలి, మామూలుగా మూడు నెలల్లోపు. మీరు రాజీ మాటలతో కాలం గడిపితే ఆ గడువు కరిగిపోతుంది. బాధితులు ఫిర్యాదు రాసివ్వలేని స్థితిలో ఉంటే సాయపడాల్సింది ఆ కమిటీయే. ర్యాగింగైతే కాలేజీ యాంటీ ర్యాగింగ్ కమిటీకి చెప్పండి. హెల్ప్‌లైన్ 1800-180-5522.

అపోహ: కొత్తగా రాసుకున్న తప్పులు, శిక్షలతో పాత గొడవల్నీ తేల్చొచ్చు.

కుదరదు. పైన చెప్పిన మైకు కేసులో మారింది వినే పద్ధతి మాత్రమే. ఆమోదించిన తేదీ మొదటి పేజీలోనే వేయండి.