చిన్న స్క్రీన్లు ఎక్కువైతే గ్రాఫ్‌క్యూఎల్ తప్పదా? అపోహలు - వాస్తవాలు

గుణుపురం వైపు పత్తి కొనేవాళ్ల కోసం మేం చేసిన యాప్‌లో 22 చిన్న స్క్రీన్లున్నాయి: ఈరోజు రేటు, కాటా చీటీ, రైతు బాకీ, లారీ లోడు, ఇలాంటివి. కొండ ఊళ్లలో తిరిగే ఏజెంటు ఒకాయన ఫోన్ చేసి, "బాబూ, నీ యాప్ తెరుచుకునేలోపు రైతు పక్క కాటాకి వెళ్లిపోతున్నాడు" అన్నాడు. ఒక్కో వనరుకి ఒక్కో URL ఉండే రెస్ట్‌లో నడుస్తున్న యాప్‌ని, కావాల్సిన ఫీల్డులన్నీ ఒకే క్వెరీలో రాసి అడిగే గ్రాఫ్‌క్యూఎల్‌కి మార్చేద్దామా అన్న చర్చ అక్కడే మొదలైంది.

అపోహ: రెస్ట్ అంటే స్క్రీన్‌కి నాలుగైదు కాల్స్ తప్పవు.

వాస్తవం: కాల్స్ ఎన్ని అని కాదు, ఒకదాని జవాబు కోసం ఇంకొకటి ఆగుతోందా అని చూడాలి. మా హోమ్ స్క్రీన్ ముందు ఏజెంటు వివరాలు అడిగేది, అందులో వచ్చిన ఐడీతో ఆఖరి చీటీలు, ఆ చీటీల నంబర్లతో చెల్లింపులు. ఆ ఊళ్ల సిగ్నల్‌లో ఒక్కో రానుపోనుకి 600 మిల్లీసెకన్లు పట్టేది, అంటే మూడింటికీ కలిపి 1.8 సెకన్లు ఊరికే పోయేవి. హెచ్‌టీటీపీ/2 పెట్టినా ఇది తగ్గదు, ఎందుకంటే మొదటి జవాబు చేతికి రాకుండా రెండోది అడగలేం కదా. ఆ మూడింటినీ సర్వర్‌లోనే కలిపి ఇచ్చే `GET /screens/home` రాశాం, ఒక్క రానుపోనుతో అయిపోయింది. ఇదీ రెస్టే.

అపోహ: అడిగిన ఫీల్డులే వస్తాయి కాబట్టి గ్రాఫ్‌క్యూఎల్‌లో డేటా ఆదా.

వాస్తవం: మొదటిసారి తెరిచినప్పుడు నిజమే. కానీ రేటు స్క్రీన్‌ని ఏజెంటు రోజుకి ముప్పైసార్లు తెరుస్తాడు, రేటు మారేది మాత్రం ఒకటి రెండుసార్లే. సర్వర్ జవాబుతో పాటు ఆ జవాబు ఏ వెర్షనో చెప్పే ETag ఇస్తే తర్వాత ఇలా నడుస్తుంది:

```
GET /rates/today
If-None-Match: "r17"

304 Not Modified
```

మారలేదు అన్న కబురే వస్తుంది, డేటా రాదు. ఆండ్రాయిడ్‌లో ఓకేహెచ్‌టీటీపీ లైబ్రరీకి కాష్ ఫోల్డర్, దాని సైజు చూపిస్తే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది. గ్రాఫ్‌క్యూఎల్ క్వెరీలు మామూలుగా POSTలో వెళ్తాయి, వాటిని ఈ కాష్ ముట్టుకోదు. క్వెరీని సర్వర్‌లో దాచి దాని గుర్తుతో మాత్రమే అడిగే పర్సిస్టెడ్ క్వెరీలు పెట్టి GETకి మార్చుకోవచ్చు, కాకపోతే అది విడిగా చేసుకోవాల్సిన పని.

అపోహ: గ్రాఫ్‌క్యూఎల్‌తో బ్యాకెండ్‌కి పని తగ్గుతుంది.

వాస్తవం: 20 చీటీలు, ఒక్కోదాని పక్కన రైతు పేరు అడిగితే, ఒక్కో ఫీల్డుకి డేటా తెచ్చే రిజాల్వర్‌ని ఉన్నదున్నట్టు రాసేస్తే డేటాబేస్‌కి 21 క్వెరీలు పోతాయి. డేటాలోడర్‌తో రైతుల ఐడీలన్నీ ఒకేసారి అడిగితే రెండే. ఎస్‌క్యూఎల్ లాగ్ ఆన్ చేసి, ఒక్క స్క్రీన్ తెరిచి, లైన్లు లెక్కపెట్టండి, తెలిసిపోతుంది. ఇంకోటి, లోపల ఒక ఫీల్డు విఫలమైనా స్టేటస్ మామూలుగా 200 అనే వస్తుంది, తప్పు `errors`లో ఉంటుంది. స్టేటస్ కోడ్ మాత్రమే చూసే మానిటరింగ్‌కి అది కనపడదు.

మేం నిర్ణయం తీసుకుంది కాగితం మీద. స్క్రీన్లన్నీ రాసుకుని, మూడు అంతకంటే ఎక్కువ చోట్ల నుంచి డేటా కావాల్సినవి గుర్తు పెడితే 22లో నాలుగే తేలాయి, వాటి రూపం కూడా అరుదుగానే మారుతుంది. అందుకే రెస్ట్‌లోనే ఉండి, ఆ నాలుగింటికే స్క్రీన్ ఎండ్‌పాయింట్లు రాశాం. అవి పదిహేనై, నెలనెలా రూపం మారుతూ, యాప్ వాళ్లు ప్రతిసారీ బ్యాకెండ్ కోసం ఎదురుచూడాల్సి వచ్చుంటే నేను గ్రాఫ్‌క్యూఎల్‌కే ఓటేసేవాణ్ణి. ఎందుకంటే ఏజెంట్లు యాప్ అప్‌డేట్ చేయరు, మార్చిన ప్రతి స్క్రీన్ ఎండ్‌పాయింట్‌కీ పాత రూపాన్ని ఏడాది పాటు బతికించాలి. నాలుగింటికైతే ఆ బరువు మోయగలం.