4G+ గుర్తు వెనుక: ముక్కలైన స్పెక్ట్రమ్, ఫోన్‌లో ఇమడని యాంటెన్నాలు

నెల్లూరు ట్రంకు రోడ్డులో ఫోన్ తెరపై 4G+ అని కనిపించే సిమ్, ఉదయగిరి కొండ కిందికి వెళ్లేసరికి ఒట్టి 4G చూపిస్తుంది. ఫోన్ ఒకటికి మించిన తరంగాల పట్టీలను కలిపి వాడుకుంటోందని చెప్పేదే ఆ 4G+ గుర్తు. కంపెనీ పట్నానికి ఎక్కువ స్పెక్ట్రమ్, పల్లెకు తక్కువ స్పెక్ట్రమ్ కొనుక్కుందని చాలామంది అనుకుంటారు గానీ అది నిజం కాదు. మన దేశంలో స్పెక్ట్రమ్‌ను సర్కిల్ లెక్కన వేలం వేస్తారు. రాష్ట్రం విడిపోయిన తరువాత కూడా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కలిసి టెలికాం లెక్కల్లో ఒకే సర్కిల్‌గా ఉన్నాయి కాబట్టి, ఒక కంపెనీకి హైదరాబాదులో వాడుకునే హక్కున్న తరంగాలే ఉదయగిరిలోనూ ఉంటాయి. తేడా ఎక్కడ వస్తుందో తెలియాలంటే ఆ స్పెక్ట్రమ్ ఏ రూపంలో చేతికి వచ్చిందో ముందు చూడాలి.

మన దేశంలో అది ముక్కలుగానే వచ్చింది. తొలినాటి జీఎస్ఎమ్ లైసెన్సులతో 4.4 మెగాహెర్ట్జ్ ఇచ్చేవారు. 2010 వేలంలో 3జీ కోసం 2100 మెగాహెర్ట్జ్ బ్యాండులో రాను ఒకటి, పోను ఒకటిగా 5 మెగాహెర్ట్జ్ జంటలు, బ్రాడ్‌బ్యాండ్ కోసం 2300 బ్యాండులో 20 మెగాహెర్ట్జ్ బ్లాకులు అమ్మారు. ఆ తరువాతి వేలాల్లో 900, 1800 బ్యాండులు 200 కిలోహెర్ట్జ్ తునకలుగా కూడా చేతులు మారాయి. 2008 చివరికి ఖరారైన తొలి ఎల్‌టీఈ, అంటే 4జీ, ప్రమాణం మాత్రం ఒక ఫోన్‌కు ఒక సమయంలో ఒకే క్యారియర్‌ను, అంటే ఒకే వరుస తరంగాల పట్టీని, గరిష్ఠంగా 20 మెగాహెర్ట్జ్ వరకు ఇవ్వగలిగింది. రెండు బ్యాండుల్లో పదేసి మెగాహెర్ట్జ్ ఉన్న కంపెనీ తన వినియోగదారుడికి వాటిలో ఏదో ఒకటే ఇవ్వగలిగేది, రెండోది పక్కన ఖాళీగా ఉన్నా సరే.

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. అందుకే మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ 2011లో తెచ్చిన పదో విడుదలలో క్యారియర్ అగ్రిగేషన్, అంటే క్యారియర్లను కలిపి వాడే పద్ధతి, చేర్చి, అయిదు క్యారియర్ల వరకు, మొత్తం 100 మెగాహెర్ట్జ్ దాకా, కలిపే వీలు కల్పించారు. 2013 జూన్‌లో దక్షిణ కొరియాలో ఎస్‌కే టెలికాం 800, 1800 బ్యాండుల్లోని పదేసి మెగాహెర్ట్జ్‌ను కలిపి 150 ఎంబీపీఎస్ గరిష్ఠ వేగంతో ఈ సేవ మొదలుపెట్టింది. అది ఒకే ముక్కగా 20 మెగాహెర్ట్జ్ ఉంటే వచ్చే వేగమే. ముక్కలుగా ఉన్న నష్టాన్ని పూడ్చుకోవడమే అక్కడ సాధించినది.

పని జరిగే తీరు ఇలా ఉంటుంది. ఫోన్ ముందు ఒక క్యారియర్‌ను పట్టుకుంటుంది. అది ప్రైమరీ సెల్. నెట్‌వర్క్‌లో చేరేటప్పుడే తాను ఏయే బ్యాండులను ఏయే జతల్లో కలపగలదో జాబితా పంపుతుంది. టవర్ ఆ జాబితా చూసి, తగిన సిగ్నల్ ఉన్న ఇతర క్యారియర్లను సెకండరీ సెల్‌లుగా చేరుస్తుంది, డేటా ఎక్కువగా పారుతున్నప్పుడే వాటిని మేల్కొలుపుతుంది. జాబితాలో లేని జతను టవర్ ఇవ్వదు. పెట్టె మీద రెండు బ్యాండుల పేర్లూ ఉన్న ఫోన్ వాటిని కలిపి వాడలేకపోవడానికి కారణం తరచుగా ఇదే.

ఆ జాబితా పొట్టిగా ఉండడానికి ఫోన్ ధర ఒక్కటే కారణం కాదు, భౌతికశాస్త్రం కూడా అడ్డుపడుతుంది. 900 బ్యాండులో ఫోన్ 880 నుంచి 915 మెగాహెర్ట్జ్ మధ్య ప్రసారం చేస్తుంది. ప్రసార భాగంలో పుట్టే రెట్టింపు తరంగం 1760 నుంచి 1830 వరకు పడుతుంది, 1800 బ్యాండులో ఫోన్ వినవలసిన భాగమేమో 1805 దగ్గర మొదలవుతుంది. అంటే ఫోన్ తన గొంతుతో తన చెవినే మూసుకుంటుంది. దీన్ని ఆపడానికి మంచి ఫిల్టర్ కావాలి, దానికి బోర్డు మీద చోటు కావాలి. చవక ఫోన్లలో మొదట కోత పడేది ఇక్కడే.

యాంటెన్నాల కథ వేరు, నా దృష్టిలో ఇదే అసలు ముందడుగు. అగ్రిగేషన్ కొత్త స్పెక్ట్రమ్‌ను పుట్టించదు. టవర్ మొత్తం సామర్థ్యం దాదాపు అంతే ఉంటుంది, ఖాళీగా ఉన్న భాగాన్ని ఒకే ఫోన్‌కు అందించగలగడమే దాని లాభం. రెండు వైపులా అనేక యాంటెన్నాలు వాడే మైమో పద్ధతి అలా కాదు, అదే తరంగంలో, అదే క్షణంలో, రెండు లేదా నాలుగు వేర్వేరు డేటా ధారలను పంపుతుంది. ఈ ఆలోచనకు తొలి పేటెంటును 1992లో కోరినవారు స్టాన్‌ఫర్డ్‌లోని ఆరోగ్యస్వామి పాల్‌రాజ్, థామస్ కైలాత్. అంతకుముందు పాల్‌రాజ్ భారత నౌకాదళంలో సోనార్ మీద పనిచేశారు. అనేక గ్రాహకాలకు చేరిన ధ్వనులను దిక్కును బట్టి విడదీయడం ఆయనకు కొత్త కాదు.

రేడియోలోనూ సూత్రం అదే. ధారలు గోడలకు తగిలి వేర్వేరు దారుల్లో వస్తే, ఫోన్‌లోని ఒక్కో యాంటెన్నాకు ఒక్కో రకమైన మిశ్రమం అందుతుంది, లెక్కలు వేసి దాన్ని విడదీయవచ్చు. ఇందుకు యాంటెన్నాల మధ్య సుమారు అర తరంగదైర్ఘ్యం ఎడం ఉంటే మంచిది. 2300 మెగాహెర్ట్జ్ దగ్గర అది ఆరున్నర సెంటీమీటర్లు కాబట్టి నాలుగు యాంటెన్నాలు ఫోన్‌లో ఇముడుతాయి. 900 దగ్గర అది పదహారు సెంటీమీటర్లు దాటుతుంది, అంటే దాదాపు ఫోన్ పొడవంతా. దూరం పోయే కింది బ్యాండుల్లో నాలుగు ధారలు ఆచరణలో కనిపించకపోవడానికి ఇదే మూలం.

ఇప్పుడు ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఒక కంపెనీకి 850లో 5, 1800లో 10 మెగాహెర్ట్జ్ జంటలు, 2300లో 20 మెగాహెర్ట్జ్ ఉన్నాయనుకుందాం. రెండు ధారలతో, తరంగం మీద డేటాను ఎక్కించే పాత తరహా మాడ్యులేషన్‌తో, వాటి గరిష్ఠ వేగాలు వరుసగా సుమారు 37, 75, 110 ఎంబీపీఎస్. 2300లో ఒకే తరంగాన్ని రానూ పోనూ పంచుకోవాలి కాబట్టి 20 మెగాహెర్ట్జ్‌కు 150 రాదు. మూడు బ్యాండులూ బిగించిన నెల్లూరు టవర్ దగ్గర మొత్తం 220 దాటుతుంది, 2300లో నాలుగు ధారలు కుదిరితే 330 దాటుతుంది. ఉదయగిరి వైపు టవర్‌కు అయిదారు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరికి 850 ఒక్కటే చేరిందనుకుంటే, కాగితం మీద గరిష్ఠం 37కు పడిపోయింది; సిగ్నల్ బలహీనమై ధారలు ఒకటికి తగ్గి, మాడ్యులేషన్ కిందికి దిగితే, చేతికందేది కొద్ది ఎంబీపీఎస్ మాత్రమే. అది కూడా ఊరంతా పంచుకోవలసినదే.

సిగ్నల్ బలంగా ఉంటే ధారలు పెరుగుతాయనీ చెప్పలేం. విడవలూరు, అల్లూరు వైపు రొయ్యల చెరువుల మధ్య టవర్ కళ్లెదుటే కనిపిస్తుంది, గీతలన్నీ నిండుగా ఉంటాయి. కానీ తరంగాలు తగిలి చెదరడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు. టవర్ యాంటెన్నాలు చెరో వైపు 45 డిగ్రీలు వంచి రెండు ధ్రువణాల్లో ప్రసారం చేస్తాయి కాబట్టి రెండు ధారలు దక్కుతాయి, మూడోది, నాలుగోది దక్కడం కష్టం. గోడల సందుల్లో ఉన్న స్టోన్‌హౌస్‌పేటలో, సిగ్నల్ కాస్త తక్కువైనా, అవి దక్కే అవకాశం ఎక్కువ.

అగ్రిగేషన్ జరుగుతున్నదీ లేనిదీ చూడాలంటే 4G+ గుర్తును మాత్రమే నమ్మకూడదు. కొన్ని ఫోన్లు సెల్‌లు చేరగానే దాన్ని చూపిస్తాయి, కొన్ని అసలు చూపించవు. శామ్‌సంగ్ ఫోన్లు కొన్నింటిలో *#0011# నొక్కితే సర్వీస్ తెర తెరుచుకుని పట్టుకున్న బ్యాండు, దాని వెడల్పు కనిపిస్తాయి. పెద్ద ఫైలు ఒకటి దిగుతుండగానే చూడాలి, ఎందుకంటే ఫోన్ ఖాళీగా ఉన్నప్పుడు సెకండరీ సెల్‌లు నిద్రపోతాయి. డౌన్‌లోడ్ ఎంత పెరిగినా అప్‌లోడ్ అక్కడే ఉండిపోతే ఆశ్చర్యపడనక్కరలేదు: 4జీలో చాలా ఫోన్లు పైకి పంపేటప్పుడు ఒక్క క్యారియర్‌నే వాడతాయి, ప్రసార భాగాలను రెట్టింపు చేస్తే బ్యాటరీ, వేడి, ఇందాక చెప్పిన తరంగాల గొడవ అన్నీ మీద పడతాయి.

2022 వేలంలో 3300 బ్యాండులో వెడల్పైన బ్లాకులు దొరకడంతో, ఆ బ్యాండులో 5జీకి ఒక్క క్యారియర్‌నే 100 మెగాహెర్ట్జ్ వరకు తీసుకునే వీలు వచ్చింది. ముక్కలు అతికించే అవసరం ఆ మేరకు తగ్గింది. కానీ ఆ తరంగాలు కొండలనూ దూరాలనూ సరిగా దాటలేవు కాబట్టి, మర్రిపాడు వంటి చోట్ల దూరం పోయే 700 లేదా 850 వంటి బ్యాండును దానికి జత చేయవలసిందే. ఆ జత ఫోన్ పంపే జాబితాలో ఉన్నదా లేదా అన్న ప్రశ్న 5జీలోనూ అలాగే ఉంది.