నొప్పి తెలియని చోటే అసలు ఇబ్బంది: ఇన్సులిన్ పెన్ గురించి అపోహలు - వాస్తవాలు

డయాబెటిస్ విభాగంలో నర్సుగా నా పని ఇన్సులిన్ పెన్ వాడటం నేర్పడం. "డోసు పెంచుతూనే ఉన్నారమ్మా, షుగర్ మాత్రం ఒక రోజు ఉన్నట్టు ఇంకో రోజు ఉండటం లేదు" అంటూ వచ్చేవారిని నేను మొదట అడిగేది ఏం తిన్నారని కాదు. మంచం మీద పడుకోమని, పొట్ట చూపించమని అడుగుతాను. చాలాసార్లు జవాబు అక్కడే, చర్మం కింద నా వేళ్లకు తగులుతుంది.

అపోహ: సూది గుచ్చినా నొప్పి తెలియడం లేదంటే అది మంచి చోటన్నమాట.

ఈ నమ్మకం వల్ల జరిగినంత నష్టం ఇన్సులిన్ విషయంలో మరి దేనివల్లా జరగడం నేను చూడలేదు. ఇన్సులిన్‌కు స్వతహాగా కొవ్వును పెంచే గుణం ఉంది. పదే పదే ఒకే చోట వేసుకుంటే అక్కడి కొవ్వు కణాలు ఉబ్బి గడ్డ కడతాయి. వైద్యులు దీన్ని లైపోహైపర్‌ట్రఫీ అంటారు. ఆ గడ్డలో నొప్పి అంతగా తెలియదు కాబట్టి చేయి మళ్లీ అక్కడికే వెళ్తుంది, గడ్డ ఇంకా పెరుగుతుంది. అందులో పడిన ఇన్సులిన్ రక్తంలోకి చేరే తీరు కూడా దెబ్బతింటుంది. ఎక్కువగా నెమ్మదిగా చేరుతుంది, పైగా రోజుకో తీరుగా చేరుతుంది. ఎంత చేరుతుందో, ఎప్పుడు చేరుతుందో ముందుగా చెప్పలేం.

58 ఏళ్ల ఒక పెద్దాయన సంగతి చెబుతాను. రాత్రి పడుకునే ముందు దీర్ఘకాలం పనిచేసే ఇన్సులిన్ 30 యూనిట్లు, మూడు పూటలా భోజనానికి ముందు త్వరగా పనిచేసే ఇన్సులిన్ 12 యూనిట్ల చొప్పున వేసుకునేవారు. పరగడుపున షుగర్ ఒక రోజు 110, మర్నాడు 260. మూడు నెలల్లో రాత్రి డోసు 22 నుంచి 30కి చేరింది. తడిమి చూస్తే బొడ్డుకు రెండు వైపులా, సరిగ్గా చేయి సులువుగా అందే ఎత్తులో, మూడేసి వేళ్ల వెడల్పున మెత్తటి గడ్డలు ఉన్నాయి. "అక్కడైతే చీమ కుట్టినట్టు కూడా ఉండదమ్మా, అందుకే అక్కడే వేసుకుంటాను" అన్నారు ఆయన.

అపోహ: గడ్డ సంగతి తెలిసింది కదా, రేపటి నుంచి అదే డోసు పక్కన వేసుకుంటే సరిపోతుంది.

ఇక్కడ తొందర పనికిరాదు. గడ్డలో వేసుకుంటున్నప్పుడు 30 యూనిట్లు 30లా పనిచేయలేదు. అదే 30 ఆరోగ్యంగా ఉన్న చోట పడితే పూర్తిగా పనిచేస్తుంది, షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. అందుకే చోటు మార్చే ముందు డాక్టరుతో మాట్లాడి తీరాలి. ఈయన విషయంలో డాక్టరు అన్ని డోసులూ దాదాపు అయిదో వంతు తగ్గించారు. రాత్రి డోసు 24కి, భోజనం డోసులు 10కి వచ్చాయి. రెండు వారాల పాటు ప్రతి భోజనానికి ముందు, పడుకునే ముందు, కొన్ని రోజులు తెల్లవారుజామున మూడు గంటలకు కూడా షుగర్ చూసుకోమన్నారు.

ఆ జాగ్రత్త ఎంత అవసరమో నాలుగో రోజే తెలిసింది. మధ్యాహ్న భోజనానికి ముందు చేతులు వణికి, చెమటలు పట్టాయి. మీటరులో 68 వచ్చింది. చెప్పి పెట్టిన ప్రకారం ఆయన 15 గ్రాముల గ్లూకోజు తీసుకుని, 15 నిమిషాలు ఆగి మళ్లీ చూసుకున్నారు. 96 వచ్చింది. డాక్టరు ఉదయం డోసును 8కి దించారు. మూడు వారాలు గడిచేసరికి పరగడుపు అంకెలు 105కీ 150కీ మధ్య నిలిచాయి. అంతకుముందు కన్నా తక్కువ ఇన్సులిన్‌తోనే. అందరికీ ఇదే నిష్పత్తి సరిపోదు. తగ్గింపు ఎంతన్నది గడ్డ పరిమాణాన్ని, మీ అంకెలను చూసి డాక్టరే నిర్ణయించాలి.

అపోహ: గడ్డ ఉంటే కంటికి కనిపిస్తుంది.

కొన్ని కనిపిస్తాయి, చాలా గడ్డలు కనిపించవు. వేళ్లతోనే పట్టుకోవాలి. వెల్లకిలా పడుకుని, వేళ్లకు కొంచెం సబ్బు నీరో జెల్లో రాసుకుని, చిన్న చిన్న వలయాలుగా తిప్పుతూ పొట్ట అంచుల నుంచి బొడ్డు వైపు నెమ్మదిగా రండి. మెత్తగా జారిపోతున్న వేళ్లకు ఒక్కసారిగా చర్మం మందంగానో, రబ్బరులానో తగిలిందంటే అక్కడ ఆగండి. ఇప్పుడు ఆ చోటునూ, పక్కన బాగున్న చోటునూ రెండు వేళ్లతో పట్టి చూడండి. బాగున్న చోట చర్మం పలుచగా మడత పడుతుంది, గడ్డ మీద అలా పడదు. గడ్డ చుట్టూ రాసుకునే పెన్నుతో గీత గీసుకుంటే, సూది ఎక్కడ వేయకూడదో మర్చిపోరు. నెలకు ఒకసారి ఇలా చూసుకోవడం మంచిది.

అపోహ: ఒక రోజు కుడివైపు, ఒక రోజు ఎడమవైపు వేసుకుంటే చోటు మార్చినట్టే.

ఆ పెద్దాయన చేసింది ఇదే. వైపు మారింది కానీ చోటు మారలేదు. అందుకే రెండు వైపులా ఒక్కో గడ్డ తయారైంది. చోటు మార్చడమంటే ప్రతి గుచ్చు ముందటి గుచ్చుకు కనీసం ఒక వేలి వెడల్పు దూరంలో ఉండాలి.

దీనికి నేను నేర్పే పద్ధతి ఇది. బొడ్డు మీదుగా ఒక నిలువు గీత, ఒక అడ్డగీత ఊహించుకుంటే పొట్ట నాలుగు భాగాలవుతుంది. బొడ్డు చుట్టూ రెండు వేళ్ల మేర వదిలేయండి. వారానికి ఒక భాగం, గడియారం ముల్లు తిరిగే దిశలో. రోజుకు నాలుగుసార్లు వేసుకునేవారు ఆ భాగంలో రోజుకు ఒక నిలువు వరుస వాడాలి. సోమవారం బొడ్డు దగ్గరి వరుసలో పై నుంచి కిందికి నాలుగు గుచ్చులు, మంగళవారం ఒక వేలు పక్కకు జరిగి మరో నాలుగు. ఆదివారానికి నడుము వైపు చేరతారు. ఇలా చేస్తే ఒక భాగానికి మూడు వారాల విశ్రాంతి దొరుకుతుంది. ఏ భాగంలోనైనా గడ్డ ఉంటే దాన్ని లెక్కలోంచి తీసేయండి. పొట్ట మీద చోటు చాలకపోతే తొడల ముందు భాగం, బయటి వైపు వాడవచ్చు. అయితే కొన్ని రకాల ఇన్సులిన్ తొడ నుంచి నెమ్మదిగా రక్తంలో కలుస్తుంది కాబట్టి ఆ మార్పు కూడా అడిగే చేయాలి.

అపోహ: సూది మొద్దుబారే వరకూ వాడుకోవచ్చు.

ప్రతిసారీ కొత్త సూది వాడాలి. మళ్లీ మళ్లీ వాడే వారిలో గడ్డలు ఎక్కువగా కనిపిస్తాయి. సూదిని పెన్‌కే వదిలేస్తే లోపలికి గాలి చేరి, ఇన్సులిన్ కారిపోయి డోసు తప్పుతుంది. కొత్త సూది బిగించాక 2 యూనిట్లు గాలిలోకి వదిలి, కొనన చుక్క వచ్చిందో లేదో చూడండి.

పొడవాటి సూది అయితేనే మందు బాగా ఎక్కుతుందనేవారూ ఉన్నారు. పెద్దల్లో ఎవరికైనా, ఎంత లావుగా ఉన్నా, 4 మిల్లీమీటర్ల సూది చర్మాన్ని దాటి కొవ్వులోకి చేరుతుంది. నిటారుగా గుచ్చి, బటన్ పూర్తిగా నొక్కి, పది అంకెలు లెక్కపెట్టాక తీయాలి.

ఆరు నెలల తర్వాత మళ్లీ వచ్చినప్పుడు ఆ పెద్దాయన గడ్డలు సగానికి పైగా కరిగాయి. "ఇక అక్కడ వేసుకోవచ్చా?" అని అడిగారు. ఎడమవైపు అంచు ఇంకా నా వేలికి తెలుస్తోంది. ఆ చేత్తోనే ఆయన వేలు పట్టుకుని ఆ అంచు మీద పెట్టాను. "ఈ తేడా పూర్తిగా పోయే వరకు వద్దండి" అన్నాను.