‘తెలిసో తెలియకో తప్పు జరిగితే మన్నించండి’: సర్పంచ్ వీడ్కోలు మాట వెనక కథ

2024 జనవరి చివరి వారంలో తెలంగాణలో చాలా ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లో దాదాపు ఒకే మెసేజ్ తిరిగింది. పైన సర్పంచ్ ఫొటో, చేతులు జోడించి. కింద నాలుగు ముక్కలు: “ఐదేళ్లు నన్ను మీ ఇంటి మనిషిలా ఆదరించారు. నాకు చేతనైనంత చేశాను. తెలిసో తెలియకో తప్పు జరిగితే పెద్ద మనసుతో మన్నించండి. పదవి ఉన్నా లేకపోయినా మీలో ఒకడిగానే ఉంటాను.” ఊరు మారితే పేరు మారింది, మాటలు పెద్దగా మారలేదు.

ఎమ్మెల్యేలు ఇలా సెలవు తీసుకోరు. వాళ్లకు గెలుపో ఓటమో ఉంటుంది కానీ వీడ్కోలు ఉండదు. సర్పంచ్ మాత్రం ఎవరి చేతిలోనూ ఓడకుండానే ఒక రోజు కుర్చీ దిగిపోతాడు. రాజ్యాంగంలోని 243ఇ అధికరణం ప్రకారం పంచాయతీ గడువు మొదటి సమావేశం జరిగిన రోజు నుంచి ఐదేళ్లు, అంతకు మించి ఒక్క రోజు కూడా కాదు. 73వ సవరణతో 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చిన నియమమిది. అంతకుముందు ఎన్నికలు ప్రభుత్వాల ఇష్టం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1970 తర్వాత మళ్లీ పంచాయతీ ఎన్నికలు చూడటానికి 1981 దాకా ఆగాల్సి వచ్చింది.

గడువు తీరేలోపే ఎన్నిక పెట్టాలని కూడా అదే అధికరణం చెబుతోంది. మొదటి సగం అక్షరాలా అమలవుతుంది, రెండో సగం దగ్గరే బండి ఆగుతుంది. 2006లో గెలిచినవాళ్ల గడువు 2011లో ముగిస్తే ఎన్నికలు 2013 జులైలో జరిగాయి. వాళ్ల తర్వాతివాళ్లు 2018 ఆగస్టులో దిగిపోతే కొత్త ఎన్నికలు 2019 జనవరి 21, 25, 30 తేదీల్లో జరిగాయి. అప్పుడు గెలిచినవాళ్లు ఫిబ్రవరి 2న బాధ్యతలు తీసుకున్నారు. అందుకే లెక్క ప్రకారం 2024 ఫిబ్రవరి 1తో అందరి గడువూ ఒకేసారి అయిపోయింది. పన్నెండున్నర వేలకు పైగా సర్పంచులు ఒకే రోజు మాజీలయ్యారు. మెసేజ్‌లన్నీ ఒకే వారంలో రావడానికి కారణం అదే.

ఈ బ్యాచ్‌కు ఇంకో ప్రత్యేకత ఉంది. 2018లో 4,383 కొత్త పంచాయతీలు ఏర్పడ్డాయి. అందులో తండాలు, గూడేలు చాలా ఉన్నాయి. అక్కడ దిగిపోతున్న మనిషే మొదటి సర్పంచ్. పక్క ఊరి పంచాయతీ ఆఫీసుకు నడిచి వెళ్లిన రోజులు గుర్తున్నవాళ్లకు ఆ మెసేజ్ మామూలు ఫార్వర్డ్‌లా అనిపించి ఉండదు.

ఇక “నాకు చేతనైనంత చేశాను” అన్న మాట. ఈ ఐదేళ్లూ 2018 పంచాయతీరాజ్ చట్టం కింద నడిచాయి. సర్పంచ్ మీద ఇంత పని, ఇంత భయం ఒకేసారి పెట్టిన చట్టం అంతకుముందు లేదనే అంటాను. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, లేకపోతే పదవికే ఎసరు. సస్పెండ్ చేసే అధికారం కలెక్టర్ చేతిలో ఉంది. చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్ సంతకం కూడా ఉండాలి. ఇద్దరికీ పడని ఊళ్లో పంపు మోటారు కాలిపోయినా చెక్కు కదలదు.

2019 సెప్టెంబరు 6న 30 రోజుల ప్రణాళికతో పల్లె ప్రగతి మొదలైంది. ఊరికో నర్సరీ, డంపింగ్ యార్డు, వైకుంఠధామం, పల్లె ప్రకృతి వనం, ట్రాక్టరు, ట్యాంకరు. ఈ పనులు నిజంగా జరిగాయి, ఊళ్ల రూపు మారింది, దాన్ని కాదనడానికి లేదు. అయితే చాలాచోట్ల ముందు సర్పంచ్ తన చేతి డబ్బు పెట్టాడు, బిల్లు తర్వాత వస్తుందనే నమ్మకంతో.

బిల్లు ఎలా వస్తుందో తెలిస్తేనే తర్వాతి గొడవ అర్థమవుతుంది. పని అయ్యాక ఇంజినీరు వచ్చి కొలుస్తాడు. ఆ కొలతలు ఎంబీ అనే పుస్తకంలో ఎక్కుతాయి. పంచాయతీ తీర్మానం చేస్తుంది, రెండు సంతకాలతో చెక్కు రాస్తారు, అది సబ్ ట్రెజరీకి వెళ్తుంది, అక్కడ టోకెన్ నంబరు ఇస్తారు. పంచాయతీ ఖాతాలో నిధులు కనిపిస్తూనే ఉంటాయి, కానీ పైనుంచి చెల్లింపులు ఆపితే టోకెన్ టోకెన్‌గానే మిగిలిపోతుంది. ఊరివాళ్లు దాన్నే ‘ఫ్రీజింగ్’ అంటారు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఒక సర్పంచ్ 2022 ఫిబ్రవరిలో నాలుగు లక్షలు అప్పు తెచ్చి సీసీ డ్రైన్ కట్టించాడనుకోండి. ఊళ్లో దొరికే రెండు రూపాయల వడ్డీకి నెలకు 8,000 అవుతుంది. పెంచిన తర్వాత కూడా అతని గౌరవ వేతనం నెలకు 6,500. జీతమంతా ఇచ్చినా వడ్డీకే చాలదు. దిగిపోయే నాటికి రెండేళ్లు నిండుతాయి, అసలు కాకుండా వడ్డీయే 1,92,000. ఆ పైన బిల్లు ఏ రోజు వస్తుందో చెప్పేవాడు లేడు. డ్రైన్ మాత్రం ఊరి కళ్లెదుటే ఉంటుంది.

ఇదేదీ వీడ్కోలు మెసేజ్‌లో కనిపించదు. చేతులు జోడించిన ఫొటో కింద బాకీ లెక్క రాస్తే ఊరి మీద నింద వేసినట్టు ఉంటుంది, నిజానికి బాకీ ఉన్నది ఊరు కాదు. ఆ మాట తర్వాత రోడ్డు మీద బయటపడింది. 2024 నవంబరులో పెండింగ్ బిల్లుల కోసం హైదరాబాద్‌కు బయలుదేరిన మాజీ సర్పంచులను పోలీసులు అదుపులోకి తీసుకున్నారు.

“మళ్లీ అవకాశం ఇవ్వండి” అన్న మాట కూడా చాలా మెసేజ్‌లలో ఉండదు. వినయం ఒక కారణం కావచ్చు, అసలు కారణం రిజర్వేషన్. ఈసారి జనరల్‌గా ఉన్న సీటు వచ్చేసారి మహిళకో, బీసీకో, ఎస్సీకో పోవచ్చు. 2018 చట్టం ఒకసారి ఖరారైన రిజర్వేషన్ రెండు విడతలు ఉంటుందంది. తర్వాత ఆ నిబంధనను సవరించి, 2025 ఎన్నికలకు కొత్తగా ఖరారు చేశారు. దిగే రోజున తన వార్డు మెంబరు సీటైనా తనకు మిగులుతుందో లేదో తెలియని మనిషి ఓటు ఏమని అడుగుతాడు?

ఫిబ్రవరి 2న స్పెషలాఫీసర్లు వచ్చారు. తహసీల్దార్, ఎంపీడీవో లాంటి మండల అధికారులే, ఒక్కొక్కరికి కొన్ని ఊళ్లు. క్యాష్ బుక్, చెక్‌బుక్, రికార్డులు, నిధులు తీయడానికి వాడే డిజిటల్ కీ అప్పగించాలి. తెలివైనవాళ్లు ఎంబీ పేజీలు, టోకెన్ నంబర్లు జెరాక్స్ తీసి పెట్టుకున్నారు. పాత బిల్లు అడగడానికి రేపు ఆ కాగితాలే ఆధారం.

ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీకి కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగిపోతాయి. ట్రాక్టరు డీజిల్‌కు, కరెంటు బిల్లుకు కటకట మొదలైంది. ఎన్నికలు 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో జరిగి, 22న కొత్తవాళ్లు బాధ్యతలు తీసుకునే వరకు దాదాపు 23 నెలలు గడిచాయి.

ఆ నెలల్లో పొద్దున్నే నీళ్లు రాకపోతే జనం ఎక్కడికి వెళ్లారు? స్పెషలాఫీసర్ ఉండేది మండలంలో, ఆయన నంబరు చాలామంది దగ్గర లేదు. పాత సర్పంచ్ ఇంటి ముందే నిలబడ్డారు. అతను ఒక చేత్తో చాయ్ గ్లాసు పట్టుకుని, ఇంకో చేత్తో పంచాయతీ సెక్రటరీకి ఫోన్ కలిపి, “అన్నా, మోటారు కాలినట్టుంది, కొంచెం చూడరాదే” అన్నాడు.